అద్దంలో బావ పక్కన

నెగటివ్‌లో మనుషుల్ని గుర్తుపట్టడం నాకు చిన్నప్పుడే వచ్చేసింది. తెల్ల చొక్కా బొగ్గులా ఉంటుంది. నల్ల జుట్టు నెరిసిపోయినట్టు ఉంటుంది. మా అక్కకు ఆ మొహాలంటే భయం. నాకు మాత్రం, ఎదురుగా నిలబడి మాట్లాడే మనుషుల కంటే వాళ్లే నయమనిపించేవారు. కస్టమర్లు వస్తే నేను లోపలి గదిలోకి వెళ్లిపోయేదాన్ని. వాళ్ల మొహాలు మాత్రం రెండు రోజుల తరువాత గాజు ప్లేట్ల మీద నా దగ్గరికే వచ్చేవి.

ఆదోనిలో ఆ ఫోటో స్టూడియో మా నాయన పెట్టింది. రీటచింగ్ ఆయనే నేర్పించాడు. కిటికీ పక్కన ఏటవాలుగా ఒక బల్ల, దాని మధ్యలో గరుకు అద్దం. కింద ఇంకో చిన్న అద్దం పెట్టి కిటికీ వెలుగును పైకి తిప్పేవాళ్లం. ప్లేటును గరుకు అద్దం మీద ఆనించి, పూత ఉన్న వైపున మీడియం అనే జిగురు నూనె పలచగా రుద్ది, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టాలి. నెగటివ్‌లో పెన్సిల్ పడిన చోట ఫోటోలో తెల్లబడుతుంది. మొటిమలు, మశూచి గుంటలు అలాగే మాయమవుతాయి. అలా కాకుండా ఫోటోలో ఒక చోట నల్లబడాలంటే అక్కడి పూతను కత్తితో గీకాలి. నాయన పాత గడ్డం కత్తి ముక్కనే దానికి నూరి పెట్టుకున్నాడు. పెన్సిల్ తప్పయితే తుడుచుకోవచ్చు, కత్తి తప్పయితే అంతే, గీకిన పూత మళ్లీ రాదు. అందుకే కత్తి పట్టుకునే ముందు చేయి కడుక్కొమ్మనేవాడు. చేతికి మురికి ఉందని కాదు, ఆ కాసేపు ఆలోచించుకోమని.

అమ్మ మా చిన్నప్పుడే పోయింది. నాయన పోయే ముందు అక్కకు ఇల్లరికపు పెళ్లి చేశాడు. బావ హొళగుంద వైపు మనిషి. అప్పటికి నాయన దగ్గర కొన్నాళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. మాట తక్కువ. పని బాగా చేసేవాడు, కానీ ఏ పని చేసినా అక్క ఒకే మాట అనేది.

"మా నాయనయితే ఒక్క ప్లేటుతో తీసుండు."

ఒకసారి బొమ్మ కొంచెం కదిలినందుకు అంది. ఒకసారి జిన్నింగు మిల్లుల నుంచి ఎగిరొచ్చిన పత్తి నూగు తడి ప్లేటు మీద అంటుకున్నందుకు అంది. ఆ కాలంలో ఆదోనిలో పత్తి నూగు అంటుకోని వస్తువు ఏదీ లేదు. బావ తల దించుకుని కెమెరా ముక్కాలిపీట కాళ్లు బిగించేవాడు.

ఒక యేడు ఎమ్మిగనూరులో ఒక చీరల అంగడాయన ముందువైపు గోడ కొట్టించి మద్రాసు నుంచి పెద్ద అద్దం తెప్పించి పెట్టించాడు. లోపల చీరలు వరసగా వేలాడదీసి ఉంటే బజారులో నిలబడే చూడొచ్చు. ఎమ్మిగనూరుకు అది వింత. మగ్గాల వాళ్లు పని మానేసి వచ్చి తాము నేసిన చీరల్నే అద్దం వెనక చూసి పోయేవారట. ఆ అద్దం ముందుభాగాన్ని కేలండరులో వేయించుకోవాలని ఆయన బావకు కబురు పంపాడు. బావ ఒక పొద్దున కెమెరా తీసుకుని బస్సెక్కాడు. సాయంత్రం వచ్చి, "అయ్యింది," అన్నాడు. ప్లేటు మాత్రం నా బల్ల మీదికి రాలేదు.

కొన్నాళ్లకు, కోసిగిలో పెళ్లి ఉందని, రైల్లో పోతున్నానని మళ్లీ కెమెరా తీసుకుని పోయాడు.

మరుసటి రోజు బస్సు కండక్టరు తన కూతురు ఫోటో తీసుకుపోవడానికి వచ్చాడు. అక్క కవరులో పెట్టి ఇస్తుంటే అతను నవ్వుతూ అన్నాడు. "ఏమ్మా, మీయాయనకు సెప్పు. నిన్న ఎమ్మిగనూరు బస్సులో ఆ మూడుకాళ్ల దానికి గూడా ఒక సీటు ఆక్రమించినాడు. సంతకు పోయేటోళ్లు నన్ను తిట్టి పెట్టినారు."

"నిన్ననా?" అంది అక్క.

"నిన్ననే. మొన్న నాకు సెలవు గదా."

అక్క కూడా నవ్వింది. కవరు చక్కగా అంటించి ఇచ్చింది. లోపలి గదిలో తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. అతను పోయాక అక్క ఆ నవ్వు మొహం నుంచి తీసేయడం మరిచిపోయినట్టు చాలాసేపు అలాగే కూర్చుంది.

రాత్రి అన్నాల దగ్గర అడిగింది. "కోసిగి పెండ్లి ఎట్లయ్యిండె?"

బావ ముద్ద కలుపుతూ, "ఆ, బాగయ్యిండె," అన్నాడు.

"ఏం పెట్టినారు?"

"అన్నం, పప్పు... పాయసం తక్కువ పడిండె."

పాయసం తక్కువ పడిందని అన్నాడు! లేని పెళ్లిలో లేని పాయసం. అక్క నా వైపు చూసింది. నేను మజ్జిగ గిన్నె వైపు చూశాను.

తెల్లారి బావ బయటికి పోగానే అక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. "మే, ఆయప్ప తెచ్చేవన్నీ ముందు సూసేది నువ్వే కదా. ఎమ్మిగనూరుది ఏదన్నా వస్తే నాకు సూపియ్యాల. నా మీద ఒట్టు."

"ఏముంటాదక్కా, చీరలు ఉంటాయి," అన్నాను.

"చీరలు ఉంటాయో, చీరలు కట్టుకున్నోళ్లు ఉంటారో సూడు. కెమెరా మాది, ఇల్లు మాది. అబద్ధం సెప్పేటోడు ఈ ఇంట్లో ఉండడు. పెట్టె సర్దుకోవాల్సింది ఎవరో ఆయప్పకు తెలుసు."

అక్క ఊరికే బెదిరించే మనిషి కాదు. బావ పోతే స్టూడియో ఏమవుతుందని నాకు భయం వేసింది. అక్కకు కెమెరా రాదు. నాకు మనుషుల ముందు నిలబడి 'కదలొద్దు' అనే గొంతు లేదు. స్టూడియో సంగతి ఒకటైతే, బావ పాత పుస్తకాల అంగడి కనిపించినప్పుడల్లా నాకు ఏదో ఒక నవల తెచ్చి, మాట్లాడకుండా బల్ల మూల పెట్టి పోయేవాడు. ఆ నవలల్లో మంచివాళ్లుగా కనిపించిన మగవాళ్లు చివరికి ఏం చేస్తారో చదివే ఉన్నాను కాబట్టి, ఇప్పుడు అది కూడా అనుమానంగానే అనిపించింది.

ఆ మధ్యాహ్నమే బావ ప్లేటు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అమ్మీ, అంగడి అద్దంలో నేను పడినా. నన్ను తీసేయాల."

"సరే బావా."

"నన్ను ఒక్కన్నే కాదు. ఆ పక్కన ఏముంటే అది గూడా. అద్దంలో బజారు మనిషి ఒక్కడు కనపడగూడదు." వాకిలి దాకా పోయి మళ్లీ తిరిగి వచ్చాడు. "మీయక్కకు సూపియ్యద్దు. నగుతాది."

నగుతుందట! నవ్వేంత ఏముంది అందులో?

వెలుగు మీద పెట్టి చూశాను. బొమ్మ బాగా పడింది. పొద్దు అంగడి వెనక నుంచి ఎక్కింది కాబట్టి, లోపల చీకటి, బజారులో ఎండ. అలాంటప్పుడు అద్దంలోంచి లోపలి వస్తువుల కంటే బజారే ఎక్కువ కనిపిస్తుంది. ఎదురింటి తెల్ల గోడ చీరల మీద పొగమంచులా పరుచుకుని ఉంది. అందులో బావ నిలబడి ఉన్నాడు. చొక్కా, పంచె. నెగటివ్‌లో చిక్కటి నలుపు. ఒక చేయి చాచి లెన్సు మూత పట్టుకుని ఉన్నాడు. కెమెరా చీకట్లో కలిసిపోయింది, లెన్సు ఇత్తడి అంచు మాత్రం ఒక నల్ల చుక్కలా పడింది.

బావ భుజం వెనక, ఇంకో తల.

ముసుగు వేసుకున్న ఆడమనిషి తల. లేత రంగు కొంగు. మొహం సరిగా తెలియడం లేదు. ముక్కు మీద ఒక చుక్క ఉంది, ముక్కుపుల్ల. కింద, బావ కాళ్ల పక్కనే, లేత చీర కుచ్చెళ్లు, రెండు పాదాలు. నడుము భాగంలో ఏమీ కనిపించలేదు, అంగడి చీరలే ఉన్నాయి. నల్ల రవికో, పైన కప్పుకున్న నల్ల గుడ్డో అయి ఉంటుందనుకున్నాను. నల్లటిదేదీ అద్దంలో తిరిగి కనిపించదు, దాని చోట లోపలున్నవే తేటగా కనిపిస్తాయి.

దారిన పోయే మనిషి అనుకుందామని ప్రయత్నించాను. కానీ అలా అనుకోవడానికి నా పనే అడ్డం వచ్చింది. దగ్గరివీ దూరానివీ అన్నీ స్ఫుటంగా రావాలని బావ లెన్సు రంధ్రం బాగా సన్నం చేసి, మూత చాలాసేపు తీసి ఉంచాడు. అంతసేపట్లో నడిచిపోయేవాళ్లు ప్లేటు మీద పడరు. ఒక సైకిలు పోయినట్టుంది, చక్రాలు సన్నటి పొగలా మిగిలాయి. ఈమె మాత్రం ముక్కుపుల్లతో సహా పడింది. అంటే నిలబడింది. బావ మూత తీసి, మళ్లీ పెట్టేదాకా, కదలకుండా, అతని వెనకే నిలబడింది. అలా నిలబడమని ఎవరో ఒకరు చెప్పి ఉండాలి.

రెండు రోజులు కత్తి ముట్టలేదు. "మీడియం ఆరలేదు బావా," అన్నాను. ఆదోని ఎండలో ఆరని వస్తువు ఉంటుందా? బావ నా మొహం చూసి, "ఆరనీలే," అని పోయాడు. అతనికీ నా మీద అనుమానం వచ్చినట్టే ఉంది. అక్క వంటింట్లోంచి మా ఇద్దరినీ చూసేది. ముగ్గురం ఒకే కంచుగిన్నెలోంచి పప్పు వడ్డించుకుంటూ ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకోలేదు.

గీకేస్తే ఆమె ఉండదు. ఆ పూత పోయాక నేనే ప్రమాణం చేసి చెప్పినా ఎవరూ నమ్మరు, ఒకవేళ బావ తప్పు చేసి ఉంటే ఆ తప్పును నా చేత్తో దాచినదాన్ని అవుతాను. గీకకపోతే అక్క చూస్తుంది. అక్క మీద ఒట్టు ఉంది. మూడో రోజు బావ బయటికి పోయినప్పుడు, చీకటిగదిలోకి పోయి ప్లేటు కింద కాగితం పెట్టి ఒక ప్రింటు తీశాను. నెగటివ్ చూపిస్తే అక్కకు అర్థం కాదు, దయ్యాలంటుంది.

తడి కాగితాన్ని అక్క రెండు వేళ్లతో పట్టుకుంది. ఆమెకు వెతకాల్సిన పని పడలేదు.

"ఇది ఎవరు?"

"తెలీదక్కా."

"వెనకమాల నిలబడింది సూడు, పెండ్లాము నిల్చున్నట్ల! కోసిగిలో పాయసం తక్కువ పడిందంట, ఎమ్మిగనూరులో ఎక్కువై ఉంటాది!" కాగితంలోంచి నీళ్లు ఆమె మోచేతి మీదుగా కారుతున్నాయి. "రానీ. ఈ రోజు రానీ ఆయప్పను." లోపలికి పోయి బావ రేకుపెట్టె ఈడ్చుకొచ్చి నడవలో పెట్టింది. దండెం మీది అతని పంచెలు తీసి అందులో వేస్తోంది. మడత పెట్టి వేస్తోంది. కోపంలో కూడా అక్క బట్టలు మడత పెట్టకుండా ఉండలేదు.

నాకు ఏం చేయాలో తోచక మళ్లీ ప్లేటు ముందు కూర్చున్నాను. ఏడుపు వస్తోంది. నాయన వాడిన భూతద్దం తీసి ఆమెను మరోసారి చూశాను. ఎవరు నువ్వు, ఎందుకు నిలబడ్డావు అని అడుగుదామన్నంత దగ్గరగా చూశాను. అప్పుడు తట్టింది. ఆమెకు చేతులు లేవు.

ఊరికే నిలబడిన మనిషి చేతులు కిందికి వేలాడతాయి, లేకపోతే నడుము మీదో కొంగు మీదో ఉంటాయి. నల్ల రవిక వేసుకున్నా మణికట్లు కనిపించాలి. తల ఉంది, పాదాలు ఉన్నాయి, చేతులు ఎక్కడ? భూతద్దాన్ని పక్కకు జరిపాను. ఆమె నడుము ఉండాల్సిన చోట చీరలు తేటగా, ఒక్కొక్క అంచూ లెక్కపెట్టేటట్టు కనిపిస్తున్నాయి. ఆ తేట ఆమె దగ్గర ఆగలేదు. ఆమెకు రెండు వైపులా కలిపి ఒక బారెడు మేర పరుచుకుంది. తరువాత ఒక్కసారిగా, గీత గీసినట్టు ఆగిపోయింది. అవతల మళ్లీ ఎదురింటి గోడ తెలుపు. ఏ ఆడమనిషి నడుమూ అంత వెడల్పు ఉండదు. ఆ గీత పై మూల దగ్గర నాలుగు చిన్న మచ్చలు ఉన్నాయి. రెండో మూల దగ్గర ఇంకో నాలుగు.

వేళ్లు.

బావ చెప్పుల చప్పుడు వాకిట్లో వినిపించింది. అక్క నడవలో పెట్టె పక్కన నిలబడి తడి కాగితం అతని ముందు పట్టింది. "ఈ పెండ్లి ఎవరిదయ్యా?"

బావ కాగితాన్ని చూశాడు. నా వైపు చూశాడు. అంత గట్టిగా మాట్లాడటం నాకు అదే మొదటిసారి అనుకుంటాను. "అక్కా, చేతులు సూడు! ఆమె చేతులు యాడున్నాయో సూడు!"

పెన్సిల్ మొనతో ప్రింటు మీద చూపించాను. ఈ మూల నాలుగు వేళ్లు, ఆ మూల నాలుగు వేళ్లు. రెండు చేతులూ భుజాల ఎత్తున బారచాచి ఉన్నాయి. "ఏదో పట్టుకోని ఉంది. నల్లది. పెద్దది."

"కంబళి," అన్నాడు బావ.

"యాడి కంబళి?"

"గొర్రెలోళ్ల నల్ల కంబళి. కెమెరా ఎనక నల్లది అడ్డం పెడితే అద్దంలో బజారు పడదు, మామ సెప్పిండె. ఆ ముసలామె అంగడి తావ నూలు కండెలు సుట్టేటామె. నీ కంబళి ఒక్క గడియ ఇయ్యమ్మా అంటే ఇయ్యలేదు. పెట్టె పట్టుకోని ఊర్లు తిరిగేటోన్ని, ఎత్తుకపోతానంట. నేనే పట్టుకుంటా, నువ్వు నీ పని సేసుకోపో అనె. కదలకుండా గట్టిగా నిలబడింది, ఆమె కంబళి నేను లాక్కుంటానేమో అని నన్నే సూసుకుంటా." నుదురు తుడుచుకున్నాడు. "కెమెరా దాంట్లో దాక్కుండె. మూత తీయనీకి నేను పక్కకు వచ్చినా సూడు, తెల్ల సొక్కాతో, ఆడ సెడింది."

అక్క కాగితాన్ని మళ్లీ చూసింది. ముసలామె ముసుగు బావ వైపే తిరిగి ఉన్న మాట నిజమే. ఇప్పుడు చూస్తే ఆ నిలబడటంలో ప్రేమేమీ కనిపించలేదు.

"సరే. కంబళి సరే," అంది అక్క, గొంతు తగ్గించి. కానీ పెట్టె మూత వేయలేదు. "కోసిగి అని ఎందుకు సెప్పినావు?"

బావ పెట్టెలో మడతపెట్టి ఉన్న తన పంచెల వైపు చూశాడు.

"మొదటి తూరి పోయినప్పుడు కంబళి లేకనే తీసినా. అంగడి లేదు, చీరలు లేవు, ప్లేటు నిండా నేనే. పగలగొట్టినా. రెండో తూరి పోతాండానని సెప్తే నువ్వేమంటావో నాకు తెలుసు."

అక్క ఏమనేదో మా ముగ్గురికీ తెలుసు. తడి ప్రింటును నా బల్ల అంచున ఆరవేసి, పంచెలు ఒక్కొక్కటే తీసి మళ్లీ దండెం మీద వేసింది. బావ పెట్టెను గోడవారకు జరిపాడు. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకరికొకరు ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు. ఆ మాట మాత్రం అక్క నోటి నుంచి తరువాత నేను వినలేదు. ఒకటి రెండుసార్లు 'మా నాయనయితే' దాకా వచ్చి, దగ్గి, వంటింట్లోకి పోయింది.

మరునాడు చేయి కడుక్కుని కత్తి పట్టుకున్నాను. బావ చొక్కా మీద పూతను పొరలు పొరలుగా, గోరు ఆనించినంత తేలికగా గీకాను. గీకిన చోట చీర అంచులు తెగిపోతే పక్క చీరను చూసి పెన్సిల్‌తో అతికాను. తరువాత పంచె, చాచిన చేయి, లెన్సు చుక్క, చీరల మీద పరుచుకున్న ఎదురింటి గోడ తెలుపు. ముసలామె కొంగు, ముక్కుపుల్ల, పాదాలు. వేళ్లు చివరన తీశాను. ఎనిమిది వేళ్లనూ తీసే ముందు బావను పిలిచి, "తీసేస్తాండా," అని చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. "తీసేయమ్మీ," అన్నాడు.

చీరల అంగడాయన ఫోటో చూసుకోవడానికి స్వయంగా ఆదోని వచ్చాడు. లోపలి గదిలోంచి విన్నాను.

"ఏమప్పా, చీరలు బాగుండాయి. నా అద్దం యాడ?"

"అద్దమే కదన్నా ముందరుండేది," అన్నాడు బావ.

"యాడుండాది? కనపడల్యా కదా! మద్రాసు నుంచి గడ్డిలో సుట్టి, బిడ్డను తెచ్చినట్ల తెచ్చుకుంటి. ఇది సూస్తే, పాపం అంగడికి తలుపు గూడా లేదనుకుంటారు. మెరుపు ఏదన్నా ఉండాల గదా!"

బావ ప్లేటు నా దగ్గరికి తెచ్చి మాట్లాడకుండా పెట్టాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ అంగడాయన బయటే ఉన్నాడు. పెన్సిల్ చెక్కుకుని, అద్దం మీద ఏటవాలుగా ఒక సన్నటి మెరుపు గీశాను. చొక్కా గీకిన చోట నా చేయి కొంచెం గరుకుగా పడింది. ఆ ముసలామె కంబళి ఉన్న చోటే పూత సమంగా మిగిలింది, అందుకే మెరుపు అక్కడ పెట్టాను.

కేలండరు వచ్చాక అక్క దాన్ని వంటింటి గోడకు తగిలించింది. తారీకులు చూసే ప్రతిసారీ ఆమె వేలు ముందు ఆ మెరుపు మీదికి పోయేది.

"ఈడే కదా ఆయమ్మ నిలబడింది," అంది ఒకరోజు, పప్పు తిప్పుతూ.

"ఊ."

"మొహం సరిగ్గా తెలియలేదు కదా ఆ ప్రింటులో. నిజంగా ముసలామేనా?"

ముడతలు ఉన్నాయో లేవో నేనూ చూడలేదు. కొంగు నీడలో అంతా చీకటే, ముక్కుపుల్ల తప్ప. అక్క గరిటె పక్కన పెట్టి, "తరువాత ఎమ్మిగనూరులో పని వస్తే కంబళి నేను పట్టుకుంటా. బావకు సెప్పు," అంది. బావకు చెప్పాను. సంత రోజు అతను ఒక నల్ల కంబళి కొని తెచ్చి, అక్క కొలిచి చూసుకునేటట్టు దండెం మీద పరిచాడు.